లామినేషన్‌లో నల్లబడ్డ కాగితం

నాకు తొందరెక్కువ. పాలు కాగకముందే తోడు పెట్టే రకం అని మా అమ్మ పెళ్లిచూపులకొచ్చినవాళ్ల ముందే అనేసింది. అయినా మా ఆయన త్రినాథరావు చేసుకున్నాడు. ఆయనకి నిదానం ఎక్కువ. ఇద్దరం కలిస్తే ఒక మామూలు మనిషి అవుతామని మా అత్తగారు నవ్వేది.

మాది తణుకు పక్కన పల్లెటూరు. ఆయనకి పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగమని ఇటొచ్చాం. పదకొండేళ్లు చేశాక రెండువేల రెండులో ఫ్యాక్టరీ గేటుకి తాళం పడింది. వచ్చిన డబ్బులకి నా గొలుసు కలిపి, ఇస్నాపూర్‌లో రోడ్డు వైపు ముందుగది ఉన్న ఇల్లు అద్దెకి తీసుకుని జిరాక్స్ పెట్టాం. కొత్త మిషను లక్ష దాటుతుంది. మేం కొన్నది హైదరాబాద్‌లో బాగుచేసి అమ్మే పాతది, నలభై రెండువేలు. అందులో సగం వాయిదాల మీద. ఇక్కడి కరెంటుకి అది బతకాలంటే స్టెబిలైజర్ ఉండాలన్నారు, అదో రెండువేల ఎనిమిదొందలు. డ్రమ్ము అరిగితే నల్లగీతలు, టోనర్ అయిపోతే తెల్లమొహాలు. పసిపిల్లాడికన్నా ఎక్కువ చాకిరీ చేయించుకునేది. కాపీకి రూపాయి తీసుకుంటే కాగితం, పొడి, కరెంటు, డ్రమ్ము అరుగుదల పోను మిగిలేది పావలా, మహా అయితే ముప్పై పైసలు.

అందుకే లామినేషన్ మిషను కొన్నాను. నాలుగున్నరవేలు. పెద్ద కాగితానికి పదిహేను రూపాయలు, ఖర్చు నాలుగు. ఇంక చూస్కోండి, కనపడిన ప్రతి కాగితానికీ ప్లాస్టిక్ తొడగమని నేనే చెప్పేదాన్ని. ఒకసారి పక్క ఊరు చిట్కుల్ ఆయన రేషన్ కార్డు చిరిగిపోతోందంటే శుభ్రంగా లామినేషన్ చేసిచ్చాను. మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చాడు. "ఏందమ్మా గిది? నెలనెలా డీలరు గీడ రాయాలె గదా. గోరుతోని గీకుమంటవా?" అని నిలదీశాడు. డీలరు ప్లాస్టిక్ మీద రాయబోతే పెన్ను జారిపోయిందట. పదిహేను రూపాయలు తిరిగిచ్చి, నోటికొచ్చిన తిట్లన్నీ పడ్డాను. ఆ రోజు నుంచి, దీని మీద మళ్లీ ఏమైనా రాయాలా అని అడక్కుండా ఏ కాగితమూ మిషన్లో పెట్టలేదు. తెలివి వచ్చిందనుకున్నాను. వచ్చింది సగం తెలివే.

మాకు పెద్ద గిరాకీ రామలింగేశ్వరరావుగారు. లేబర్ కాంట్రాక్టరు. తణుకు వైపు మా పక్క ఊరాయనే, వరసకి బాబాయి అని పిలిచేదాన్ని. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకి కూలీలని పెట్టేవాడు. వాళ్ల పీఎఫ్ ఫారాలు, ఈఎస్ఐ కాగితాలు, నెలకి వెయ్యి పదిహేనొందల కాపీలు మా దగ్గరే. మిషను వాయిదాలకి పూచీ సంతకం పెట్టింది కూడా ఆయనే. ఆయన పంపే కాపీలతోనే వాయిదా వెళ్లిపోయేది. ఉన్నమాట చెప్పుకోవాలి, మా ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆయనే కారణం.

అది రెండువేల మూడు, మే నెల. మధ్యాహ్నం రెండయింది, ఎండ నిప్పులు చెరుగుతోంది. కౌసల్య వచ్చింది. లక్డారం పిల్ల, ముప్ఫై కూడా ఉండవు. వెంట వాళ్ల బావగారు యాదన్న. ఆ పిల్ల సంగతి నాకు ముందే తెలుసు, ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. నెల కిందట ఆమె మొగుడు లింగం ఒక ఫ్యాక్టరీ షెడ్డు మీద సిమెంటు రేకులు మారుస్తుంటే రేకు విరిగి కిందపడి పోయాడు. పోయినవాడు పోగా, వాడు నా మనిషే కాదన్నాడు కాంట్రాక్టరు. అక్కడితో ఆగలేదు. సెలవు రోజున ఇనుము దొంగతనానికి షెడ్డెక్కి పడ్డాడని పుకారు పుట్టింది. పుట్టించినవాడెవడో చెప్పక్కర్లేదు కదా. ఆ కాంట్రాక్టరు మా బాబాయిగారే. నేను ఆ మాట విని కూడా విననట్టు ఊరుకున్నాను. అది ముందే చెప్పేస్తున్నాను.

కౌసల్య కొంగుముడి విప్పి, నాలుగు మడతల కాగితం తీసింది. నున్నగా, పల్చగా, చుట్టుకుపోతూ ఉంది. ఫ్యాక్స్ కాగితం.

"అక్కా, గీ కాగితం జిరాక్స్ తియ్యి. మూడు తియ్యి. మల్ల ప్లాస్టిక్ గూడ ఎయ్యి, మడతలకాడ చినుగుతున్నది" అంది.

"ఏం కాగితమిది?" అన్నాను.

యాదన్న చెప్పాడు. "కాంట్రాక్టరు ఆఫీసుకెల్లి చౌరస్తా ఎస్టీడీ బూతుకు ఫ్యాక్స్ ఒచ్చేదమ్మా, గేటు పాసులకు. మా తమ్ముడు తెచ్చి వాచ్‌మెన్‌కు సూపెట్టి మనుషులను లోపల్కి తీస్కపోతుండె. పడ్డనాడు యేస్కున్న అంగి కాదు, దాని ముందటి దినం అంగి జేబుల దొరికింది. వకీలు సూసి, గిదొక్కటి సాలు, మీ తమ్ముడు ఆయన మనిషే అని రుజువైతది అన్నడు. నాల్గు గంటలకు సంగారెడ్డి లేబర్ ఆఫీసుల కేసు వెయ్యాలె."

కౌసల్య కాగితం బల్ల మీద పరిచింది. ఆ పిల్లకి చదువు రాదు. అయినా వేలు తిన్నగా తీసుకెళ్లి ఒక వరుస మీద పెట్టింది. "గిదే అక్కా ఆయన పేరు. పైకెల్లి ఏడోది. యాదన్న బావ సూపెట్టిండు." నేనూ చదివాను. ఏడో వరుసలో లింగం, తండ్రి సత్తయ్య, లక్డారం. పైన బాబాయిగారి సంస్థ పేరు, ఏప్రిల్ పదహారు తేదీ, షెడ్డు రేకుల పని అని ఉంది. కింద ఆయన సంతకం, పేరు. నా గుండె కాస్త బరువెక్కింది, ఎందుకు దాచుకోవడం. కానీ నా పని కాపీ తీయడం. నాకెందుకు అనుకున్నాను.

జిరాక్స్ మిషను ఆన్ చేశాను. వోల్టేజీ లేదు. ఆ వేసవిలో రోజూ అంతే, ఫ్యాక్టరీలన్నీ ఒక్కసారిగా లాగితే మా ఇళ్లలో ఫ్యాన్లు కూడా ఊగుతూ తిరిగేవి. మిషను వేడెక్కక, ఆగమన్న ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. పది నిమిషాలయింది. ఇరవై అయింది. యాదన్న రోడ్డు మీదకి తొంగిచూస్తున్నాడు. "బస్సు తప్పిపోతది, జెర జల్దీ" అన్నాడు.

లామినేషన్ మిషనుకి అంత కరెంటు అక్కర్లేదు. దాని పచ్చలైటు వెలిగింది. నా తొందర బుర్ర పనిచేసింది. ముందు ప్లాస్టిక్ తొడిగేస్తే కాగితం గట్టిపడుతుంది, కాపీలు ప్లాస్టిక్ మీదనుంచి కూడా వస్తాయి, సంగారెడ్డిలోనైనా తీసుకోవచ్చు కదా అనుకున్నాను. "దీని మీద మళ్లీ ఏమైనా రాయాలా?" అని అడిగాను, నా వివేకం చూడండి. "ఏం లేదక్కా" అంది. కాగితాన్ని కవరులో సర్ది, అతుకున్న వైపు ముందుగా లోపలికి పెట్టాను.

ఇవతలికి నల్లటి పలక వచ్చింది.

మొదట నాకు అర్థం కాలేదు. మిషన్లో ఇంకేదో ఇరుక్కుందనుకున్నాను. తిప్పి చూశాను. ఈ చివరనుంచి ఆ చివరదాకా నలుపు, అక్షరం ముక్క లేదు. ఆ ఫ్యాక్స్ కాగితం మీద పడే అక్షరాలు సిరావి కావు, వేడికి కాగితమే నల్లబడి వచ్చేవి. దాన్ని నేను తీసుకెళ్లి కొలిమిలో పెట్టాను. ఈ ముక్క మిషను అమ్మినవాడు చెప్పలేదు, నేను అడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

కౌసల్య పలకని చేతిలోకి తీసుకుంది. వెలుతురుకేసి పట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఇంకో దిక్కుకెల్లి సూస్తే కనబడ్తదా అక్కా?" అని అడిగింది.

నన్ను కొట్టినా బాగుండేది. ఏడుపొచ్చి కుర్చీలో కూలబడ్డాను. యాదన్న మాత్రం ఊరుకోలేదు. "కాంట్రాక్టరు నీకు పెద్ద గిరాకి గదా. ఆయన చెప్పిండా గిట్ల చెయ్యమని?" అని అరిచాడు. రోడ్డు మీదివాళ్లు ఆగి చూశారు. "ఒట్టన్నా, తెలీక చేశాను, నా పిల్లల మీద ఒట్టు" అంటూ ఏడ్చాను. కౌసల్య అతని చెయ్యి పట్టి ఆపింది. "ఊకో బావా. కోపం చేస్తే కాగితం తెల్లగైతదా?" అంది. తరవాత నావైపు తిరిగి మెల్లగా అంది. "పైసల కోసం కాదక్కా. నా బిడ్డ రెండో తరగతి. దొంగోని బిడ్డ అని పోరగాండ్లు అంటుంటే సెలవులకు ముంగటనే బడికి పోవుడు బంద్ చేసింది. సెలవులైనంక కూడ పోనంటున్నది. గా కాగితం టీచరమ్మకు సూపెట్టుకుందామనుకున్న."

ఆ రోజు అన్నం సయించలేదు. మా ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఇంకా మంట. "తిట్టండి ఒకసారి, పీడా పోతుంది" అన్నాను. "తిడితే నీకు తేలిక. నీకు తేలికయితే వాళ్లకేం లాభం?" అన్నాడు నిదానంగా. తరవాత వకీలు దగ్గరికి వెళ్దాం పద అన్నాడు.

వకీలు కుర్రవాడు, సంగారెడ్డి కోర్టు దగ్గర చిన్న గది. కౌసల్య, యాదన్న కూడా ఉన్నారు. ఆ నల్లపలక చూసి తల పట్టుకున్నాడు. కాసేపటికి నన్ను అడిగాడు. "కాగితం నల్లబడకముందు మీరు చదివారా అమ్మా?"

చదివానన్నాను.

"అసలు కాగితం నాశనమైతే, దాన్ని కళ్లతో చూసినవాళ్లు అందులో ఏముందో చెప్పవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. నేనూ చూశాను కానీ, కేసు వాదించేవాణ్ణి సాక్ష్యం చెప్పకూడదు. యాదన్న చెబితే సొంతమనిషి అంటారు. మీరు బయటివాళ్లు. పైగా తప్పు మీదే. మీరు చెబితే విలువుంటుంది. చెబుతారా?"

చెబుతానని అనడానికి ఎంతసేపు! నోరు తెరిస్తే బాబాయిగారితో చెడుతుంది, కాపీలు పోతాయి, వాయిదా ఆగితే మిషను ఎత్తుకుపోతారు. ఆలోచించి చెబుతానన్నాను. నేను, అన్నపూర్ణని, ఆలోచించి చెబుతానన్నాను. కౌసల్య నావైపు చూడలేదు, అంతే.

బాబాయిగారికి ఈ కబురు ఎలా చేరిందో, వారం తిరక్కుండా మా కొట్టుకి వచ్చాడు. బెంచీ మీద కూర్చుని మజ్జిగ అడిగి తాగాడు.

"అమ్మాయ్, నిన్ను సాక్ష్యానికి పిలుస్తారట. వెళ్లొద్దని నేననను. వెళ్లు. కాగితం నల్లగా అయిపోయింది, దాంట్లో ఏముందో సరిగా చూళ్లేదు అను. రోజుకి వంద కాగితాలు తీసేదానివి, అన్నీ చదువుతావా ఏంటి? అబద్ధం కూడా కాదు."

"నేను చదివాను బాబాయిగారూ" అన్నాను.

"చదివితే మర్చిపో. ఆ పిల్లకి పదివేలు నేనే ఇస్తానని చెప్పాను, మానవత్వం లేనివాణ్ణి కాదు."

"మరి దొంగ అన్నారు కదా?"

గ్లాసు కింద పెట్టాడు. "నేననలేదు. లోకం అంది. లోకం నోరు నేను మూస్తానా? చూడు, నిన్ను నిలబెట్టింది నేను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు" అని లేచి వెళ్లాడు.

అప్పటిదాకా భయంగానే ఉంది నాకు. ఆ సామెతతో ఒళ్లు మండింది. పావలా లాభానికి కాపీ తీసి నేను సంపాదించుకున్న అన్నం, ఈయన ఇంటిదెప్పుడయింది? మా ఆయన లోపలినుంచి వచ్చి, "ఇప్పుడేమంటావు?" అన్నాడు. "వెళ్తాను" అన్నాను. "నీ తొందర మొదటిసారి నాకు నచ్చింది" అన్నాడు.

జూలైలో విచారణ. లేబర్ ఆఫీసులో పెద్ద హంగేమీ లేదు, పొడుగు బల్ల, చుట్టూ కుర్చీలు. ఒకవైపు మేం, ఒకవైపు బాబాయిగారు, ఆయన వకీలు. మధ్యలో అధికారి, తెల్లగడ్డం, కళ్లద్దాలు. బాబాయిగారి తరఫున దాఖలు చేసిన జవాబు ముందు చదివారు. లింగం ఎవరో తెలియదు, ఆ ఫ్యాక్టరీకి ఏప్రిల్ నెలలో ఏ లిస్టూ పంపలేదు, అదీ దాని సారం.

నల్లపలక బల్ల మీద పెట్టారు. ఎలా పాడయిందో నేను చెప్పాను. నా తొందర, వోల్టేజీ, పచ్చలైటు, ఏదీ దాచలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. బాబాయిగారి వకీలు లేచాడు.

"తెల్ల ఫ్యాక్స్ కాగితం పెట్టినా ఇలాగే నల్లబడుతుందా?"

"పడుతుంది" అన్నాను.

"మరి దీని మీద అక్షరాలు ఉన్నాయని ఏమిటి నమ్మకం?"

"నమ్మకమేముందండీ, నేను చూశాను. నా వ్యాపారం పరువు తీసుకుని ఇంతదూరం వచ్చి తెల్లకాగితం గురించి అబద్ధం ఆడతానా? ఇంట్లో కూర్చుంటే నాకు నెలకి పదిహేనొందల కాపీలు. ఇక్కడికొస్తే సున్నా. మీరే లెక్క చూడండి" అన్నాను. కోపం ఆపుకోలేకపోయాను. అధికారి మెల్లగా మాట్లాడమన్నాడు.

తరవాత ఆయనే అడిగాడు. "ఏం చూశారో చెప్పండమ్మా. గుర్తున్నంతే. గుర్తులేనిది గుర్తులేదనండి."

చెప్పాను. తేదీ ఏప్రిల్ పదహారు. పైన సంస్థ పేరు. షెడ్డు రేకుల పని. ఏడో వరుసలో లింగం, తండ్రి సత్తయ్య, లక్డారం. మిగతా పేర్లు గుర్తులేవు. ఏడోది ఎందుకు గుర్తుందంటే, కౌసల్య దాని మీద వేలుపెట్టి చూపించింది.

"మొత్తం ఎన్ని పేర్లు?"

"పన్నెండండి."

"అబద్ధం!" బాబాయిగారు కుర్చీలోంచి లేచాడు. "పదకొండు మందికే పాసులడిగాను నేను! పన్నెండని రాసుకుంటే ఆ పన్నెండోవాడికి కూలి ఎగ్గొట్టానని రేపు ఇంకో కేసు నెత్తిన పడుతుంది!"

ఆయన వకీలు ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగాడు, కానీ మాట బయటికి వచ్చేసింది. అధికారి కలం కింద పెట్టి ఆయనవైపు చూశాడు.

"అంటే లిస్టు పంపారన్నమాట. ఫ్యాక్స్ చేసినప్పుడు అసలు కాగితం పంపినవాళ్ల దగ్గరే ఉంటుంది కదండీ. వచ్చే వాయిదాకి ఆ కాగితం, మీ ఫైలు తీసుకురండి. తేకపోతే ఎందుకు తేలేదో నేను రాసుకుంటాను."

ఆ క్షణం నాకు తట్టలేదు కానీ, బయటికొచ్చాక తట్టింది. నేనూ తప్పే చెప్పాను. పేర్లు పదకొండే. కింద సంతకం దగ్గర అచ్చువేసి ఉన్న పన్నెండో పేరు బాబాయిగారిదే. ఆయన్నీ కూలీల్లో కలిపి లెక్కపెట్టేశాను. కావాలని చేసింది కాదు, నా మీద ఒట్టు.

రెండు వారాల తరవాత ఆయన ఫైలు తెచ్చాడు. తేక తప్పలేదు. తెల్లకాగితం మీద పదకొండు పేర్లు, ఏడోది లింగం. అధికారి దాన్ని పైకి చదివించాడు. తరవాత బాబాయిగారిని సూటిగా అడిగాడు. "ఇతను మీ మనిషేనా?"

"మా మనిషే" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

"పడిన రోజు మీ పని మీదే షెడ్డెక్కాడా?"

ఫైలు మూసి పక్కకి జరిపాడు. "పని మీదే" అన్నాడు.

గుమాస్తా ఆ రెండు మాటలూ రాసుకుని, చదివి వినిపించి, సంతకం పెట్టించాడు. పరిహారం ఎంతో లెక్కగట్టి ఉత్తర్వు తరవాత పంపుతామన్నారు. నాకు తెలిసినంతవరకూ ఆ ఉత్తర్వు ఆరు నెలలకి వచ్చింది, డబ్బు ఇంకా ఆలస్యంగా. బాబాయిగారి కాపీలు మర్నాటినుంచే ఆగిపోయాయి. పూచీ కూడా వెనక్కి తీసుకుంటానని ఫైనాన్సువాళ్లకి చెప్పాడు. మా ఆయన మళ్లీ షిఫ్టు ఉద్యోగం వెతుక్కున్నాడు. నేను తిట్టుకుంటూ వాయిదాలు కట్టాను. అదంతా వేరే సంగతి.

ఆ రోజు ఆఫీసు బయట టీ బండి దగ్గర ఆగాం. యాదన్న నాకు టీ ఇప్పించబోయాడు. మొదటిరోజు అరిచినందుకు సిగ్గుపడుతున్నాడు పాపం. నేను కౌసల్య చెయ్యి పట్టుకుని, "నన్ను క్షమించమ్మా. నా వల్ల రెండు నెలలు నరకం పడ్డావు" అన్నాను.

ఆ పిల్ల గుమాస్తా ఇచ్చిన వాంగ్మూలం నకలు రొమ్ముకి హత్తుకుని నిలబడి ఉంది. నా మాట విన్నదో లేదో. "యాళ్ల ఎంతైంది అక్కా?" అని అడిగింది.

"మూడున్నర."

"నాల్గింటికి బడి ఇడుస్తరు." టీ గ్లాసు ముట్టుకోలేదు. పటాన్‌చెరు వైపు వెళ్లే బస్సుకి చెయ్యెత్తి పరుగందుకుంది. యాదన్న వెనకాల, "ఆగు, నీ బిడ్డ బడికి పోతలేదు గదా, ఇంట్లనే ఉన్నది గదా!" అని అరిచాడు.

ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది కౌసల్య. కళ్లనిండా నీళ్లు. "బిడ్డ కోసం కాదు బావా. దొంగోని బిడ్డ అన్న పోరగాండ్లు అందరు గేటుకాడ ఉంటరు. ఆళ్లకు సదివి ఇనిపియ్యాలె, టీచరమ్మతోని."